మా ఇంటి కాగితాల ఫైళ్లు: ఏది ఎక్కడుంది, నకళ్లు ఎలా దాచాలి

హనుమకొండ ఇంట్లో ఉండే ఐదుగురికీ (నానమ్మ, అమ్మ, నాన్న, ఇంటర్ చదివే అమ్మాయి, ఏడో తరగతి చిన్నోడు), హైదరాబాద్‌లో ఉండే బాబాయికీ ఇదే పేజీ. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా, ఎవరూ ఇంకొకరిని అడగకుండా కావాల్సిన కాగితం తీయగలగాలి. ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఇక్కడ రాయలేదు, రాయకూడదు కూడా. నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఫైళ్లు బీరువా మధ్య అరలో నిలబెట్టి ఉంటాయి. తెల్లది మాత్రం హాల్లో టీవీ కింద సొరుగులో.

నీలం: గుర్తింపు కాగితాలు

మనిషికో కవరు. ఒక్కోదాంట్లో ఆధార్, పాన్, పెద్దవాళ్లదైతే ఓటరు కార్డు, పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, నాలుగు ఫొటోలు. రేషన్ కార్డు, అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్, నానమ్మ ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ చివరి కవరులో. నానమ్మ లైఫ్ సర్టిఫికెట్ ప్రతి నవంబరులో ఇవ్వాలి.

ఈ ఫైలులో అన్నిటికన్నా పనికొచ్చేది మొదటి పేజీలోని పేర్ల పట్టిక. ఒక్కొక్కరి పేరు ఏ కాగితంలో ఏ స్పెల్లింగుతో ఉందో, పుట్టిన తేదీ ఏమని పడిందో అందులో రాసి ఉంది. నానమ్మ ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంది, పట్టా పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఏ దరఖాస్తు నింపినా ముందు పట్టిక చూడాలి. వెనక్కొచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి కారణం ఈ తేడానే.

చిన్నోడికి 15 నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వాలి. అమ్మాయి పాస్‌పోర్టు మైనరుగా తీసుకున్నది, 18 నిండితే చెల్లదు. జిరాక్స్ షాపు వాట్సాప్‌కు ఆధార్ పంపొద్దు. లాడ్జీల్లాంటి చోట్ల చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే సరిపోతుంది. జిరాక్స్ ఇచ్చిన ప్రతిసారీ దానిమీద ఎందుకిచ్చామో, తేదీ ఎంతో అడ్డంగా రాసి సంతకం పెట్టాలి.

ఎరుపు: ఆస్తి కాగితాలు

ఇంటి అసలు సేల్ డీడ్ మన దగ్గర లేదు, హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకులో ఉంది. దాని బదులు ఇక్కడ ఉన్నది బ్యాంకు సంతకం చేసి ఇచ్చిన పత్రాల జాబితా. ఏ డాక్యుమెంటు, ఏ నంబరు, ఎన్ని పేజీలు అని అందులో ఉంది. ఇది పోతే రేపు బ్యాంకు పాత అమ్మకాలు చూపే లింకు డాక్యుమెంటు ఒకటి తక్కువ ఇచ్చినా నిరూపించలేం. లోన్ తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. తీసుకునే రోజు జాబితా పక్కన పెట్టుకుని పేజీలు లెక్కపెట్టాకే సంతకం చేయాలి.

తర్వాతి కవర్లలో వరుసగా లింకు డాక్యుమెంట్ల నకళ్లు, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఇంటిమీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ. ఈసీ ఏడాదికోసారి తీస్తాం. ఈసీ పైన తీసిన తేదీ రాయాలి, ఎందుకంటే అది ఆ రోజు వరకే చెబుతుంది.

ఊళ్లోని 2 ఎకరాల 10 గుంటలకు వేరే కవరు. 2018లో వచ్చిన కొత్త పాస్‌బుక్‌తోపాటు పాత పాస్‌బుక్, పాత పహాణీ నకళ్లు కూడా అందులోనే ఉంచాం. కొత్తది ఉందికదా అని పాతవి పారేయొద్దు. రికార్డులు ధరణిలోంచి 2025లో భూభారతికి మారాయి. సర్వే నంబరులో, విస్తీర్ణంలో ఎక్కడైనా తేడా పడితే సరిచేయించడానికి ఆధారం ఆ పాత కాగితాలే.

ఆకుపచ్చ: చదువు

పది పాసైనవాళ్లందరి పదో తరగతి మెమో అసలుది ఇక్కడే, ఒక్కొక్కటి విడి కవరులో. పుట్టిన తేదీకి, పేరుకు చాలాచోట్ల దాన్నే చూస్తారు. ఏ సర్టిఫికెట్‌కూ లామినేషన్ చేయించొద్దు. చేయిస్తే వెనక అటెస్టేషన్ స్టాంపు వేయడం కుదరదు, ఊడదీస్తే కాగితం చిరుగుతుంది.

అమ్మాయి స్టడీ సర్టిఫికెట్లు 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాదికా ఏడాది ఉండాలి. కౌన్సెలింగులో లోకల్ అని తేల్చడానికి అడుగుతారు. మూతపడ్డ స్కూలు నుంచి తర్వాత తేవడం చాలా కష్టం, కాబట్టి చిన్నోడివి ప్రతి ఏప్రిల్లో అడిగి తెచ్చుకోవాలి. టీసీ కాలేజీలో ఇచ్చేముందు రెండు నకళ్లు తీయాలి, అసలుది మళ్లీ చేతికొచ్చేది చదువయ్యాకే. కులం, ఆదాయం సర్టిఫికెట్లు చివర్లో.

తెలుపు: వైద్యం

మొదటి పేజీ నానమ్మది: బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు, డాక్టర్ నంబరు. మాత్ర మారిన రోజే పేజీ మార్చి కింద తేదీ వేయాలి. దాని వెనకే స్టెంట్ స్టిక్కరున్న కార్డు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారని పన్ను పీకించేముందు కూడా చెప్పాలి.

ఈసీజీ కాగితం, మందుల షాపు బిల్లు వేడికి అచ్చయ్యేవి. కొన్ని నెలలకే తెల్లబడతాయి, ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా తొందరగా. ఇంటికి తెచ్చిన రోజే జిరాక్స్ తీసి రెండూ కలిపి ఉంచాలి. యాంజియోగ్రామ్ సీడీలో ఉన్నది హార్డ్ డిస్కులోకి ఎక్కించాం. ఇన్సూరెన్స్ క్లెయిముకు అసలు బిల్లులు పంపేటప్పుడు మొత్తం కట్ట స్కాన్ చేశాకే కొరియర్. రిపోర్టులు మనిషివారీగా, కొత్తది పైన.

ఫైళ్లు పాడవకుండా

రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి, గుండుసూదులు తుప్పు మరక వేస్తాయి, రెండూ వద్దు. మెత్తటి పీవీసీ కవర్లకు జిరాక్స్ ఇంకు అతుక్కుపోతుంది, పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవే కొనాలి. బీరువా గోడకు నాలుగు వేళ్లు ఎడంగా ఉండాలి. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఫైళ్లన్నీ తీసి చెదలు చూడాలి.

కంప్యూటర్‌లో

```
IntiKagitalu/
  1_Gurtimpu/
  2_Aasti/
  3_Chaduvu/
  4_Vaidyam/
  9_Patavi/
```

గడువు తీరినవి `9_Patavi` లోకి వెళ్తాయి, చెరిపేయొద్దు. స్కాన్ 300 డీపీఐ, పీడీఎఫ్, వెనక పేజీలో స్టాంపు ఉంటే అది కూడా. పేరు ఇలా: `2024-11-18_nanamma_discharge.pdf`. ఏడాది ముందుంటే ఫైళ్లు వాటంతటవే వరుసలో నిలబడతాయి. వెబ్‌సైట్ 200 కేబీ అడిగితే కాపీని తగ్గించాలి, అసలు స్కాన్‌ను ముట్టుకోవద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి.

ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్న ల్యాప్‌టాప్‌లోని ఈ ఫోల్డరును 7-Zip ప్రోగ్రాముతో మూటగట్టి పాస్‌వర్డ్‌తో తాళం వేయాలి:

```
7z a -p -mhe=on inti_2025-07.7z IntiKagitalu
7z t inti_2025-07.7z
```

రెండో వరుస వదిలేయొద్దు, మూట సరిగ్గా ఉందో లేదో చెప్పేది అదే. ఆ మూట ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి ఇంట్లోని హార్డ్ డిస్కులో. ఇంకో డిస్కు బాబాయి ఇంట్లో ఉంటుంది, దసరాకూ సంక్రాంతికీ కలిసినప్పుడు రెండు డిస్కులూ మార్చుకోవాలి. డ్రైవ్ సింక్‌ను మాత్రమే నమ్ముకోకూడదు, ల్యాప్‌టాప్‌లో పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడానికే. పాస్‌వర్డ్ రాసిన సీల్ కవర్లు అమ్మ దగ్గర ఒకటి, బాబాయి దగ్గర ఒకటి. అది పోతే మూటను ఎవరూ తెరవలేరు.

డిస్కులు మార్చుకున్నరోజు బాబాయి తన ల్యాప్‌టాప్‌లో మూట విప్పి, మొదటి నాలుగు ఫోల్డర్లలో ఒక్కో ఫైలు తెరిచి చూడాలి. అసలు కాగితం ఏదైనా బయటికి వెళ్తే, ఏ కాగితం, ఎవరు, ఎక్కడికి, ఏ తేదీన అని పసుపు చీటీ రాసి ఖాళీ కవరులో పెట్టాలి. కాగితం తిరిగొచ్చాకే చీటీ తీసేయాలి.