అమ్మకాలు 3.88 కోట్లు పెరిగినా లాభం 60 లక్షలు ఎందుకు తగ్గింది: 2024-25 ధర, పరిమాణం, మిక్స్ విశ్లేషణ

డైరెక్టర్ల సమావేశానికి అకౌంట్స్ విభాగం నోట్

2023-24లో మన నికర అమ్మకాలు రూ.24.38 కోట్లు. 2024-25లో అవి రూ.28.26 కోట్లకు చేరాయి. అంటే దాదాపు 16 శాతం పెరుగుదల. అదే సమయంలో పన్నుకు ముందు లాభం రూ.1.90 కోట్ల నుంచి రూ.1.30 కోట్లకు పడిపోయింది. ముడిసరుకు ధరలు పెరగడం వల్లే ఇలా అయిందని ఫ్యాక్టరీలోనూ సేల్స్ మీటింగుల్లోనూ అందరూ అనుకుంటున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ ఒక్క కారణంతో సరిపెట్టుకుంటే ఈ ఏడాది కూడా ఇదే జరుగుతుంది. అందుకే లెక్కను విడగొట్టి చూపిస్తున్నాను.

ఇక్కడ అమ్మకాలంటే జీఎస్టీ, డిస్ట్రిబ్యూటర్, షాపు మార్జిన్లు, స్కీములు అన్నీ తీసేశాక మన చేతికొచ్చిన మొత్తం. కేసుల్లో కాకుండా కిలోల్లో లెక్క కట్టాను. పది రూపాయల డిటర్జెంట్ పౌడర్ ప్యాకెట్ల కేసునూ బట్టల సబ్బుల కేసునూ ఒకటిగా లెక్కిస్తే పరిమాణం అంకెకు అర్థం ఉండదు. కాంట్రిబ్యూషన్ అంటే నికర ధరలోంచి ముడిసరుకు, ప్యాకింగ్, రవాణా పోగా మిగిలేది.

| సరుకు | 2023-24 టన్నులు | కిలోకు ధర | కిలోకు ఖర్చు | 2024-25 టన్నులు | కిలోకు ధర | కిలోకు ఖర్చు |
|---|---|---|---|---|---|---|
| కిలో ప్యాకెట్ పౌడర్ | 1,200 | 80 | 56 | 1,050 | 84 | 59 |
| పది రూపాయల ప్యాకెట్ | 800 | 66 | 57 | 1,500 | 65 | 59.50 |
| బట్టల సబ్బు | 1,000 | 60 | 46 | 1,050 | 61 | 48 |
| అంట్ల సబ్బు | 500 | 70 | 48 | 450 | 73 | 50 |
| మొత్తం | 3,500 | | | 4,050 | | |

ముందు అమ్మకాల సంగతి. 2023-24లో సగటున కిలోకు రూ.69.66 వచ్చింది. 550 టన్నులు ఎక్కువ అమ్మినందుకు ఆ సగటు ధర ప్రకారం రూ.383 లక్షలు రావాలి. చవక సరుకు వాటా పెరిగినందుకు, అంటే మిక్స్ మారినందుకు, రూ.46 లక్షలు తగ్గింది. ధరల మార్పు వల్ల రూ.51 లక్షలు కలిసింది. మొత్తం రూ.388 లక్షలు. అమ్మకాల్లో మిక్స్ దెబ్బ చిన్నదిగానే కనిపిస్తుంది. నెలనెలా అమ్మకాల రిపోర్టు మాత్రమే చూసేవారికి అది దొరకకపోవడానికి కారణం అదే.

ఇవే అడుగులు లాభం మీద వేస్తే చిత్రం మారిపోతుంది.

| కారణం | లాభం మీద ప్రభావం, రూ. లక్షల్లో |
|---|---|
| పరిమాణం పెరగడం | +95.86 |
| మిక్స్ మారడం | −72.86 |
| అమ్మకం ధరలు | +51.00 |
| కిలోకు ఖర్చు పెరగడం | −99.00 |
| స్థిర ఖర్చులు | −35.00 |
| మొత్తం | −60.00 |

పరిమాణం వల్ల దక్కాల్సిన దాదాపు 96 లక్షల్లో 73 లక్షలను మిక్స్ ఒక్కటే తినేసింది. అమ్మకాల్లో 46 లక్షలుగా కనిపించిన దెబ్బ లాభంలో 73 లక్షలు ఎలా అయిందంటే, పది రూపాయల ప్యాకెట్ ధర సగటు కంటే కొంచెమే తక్కువ గానీ దాని మీద మిగులు మాత్రం సగటులో సగమే. 2023-24లో కంపెనీ మొత్తానికి కిలోకు సగటు మిగులు రూ.17.43. ఈ ప్యాకెట్ మీద రూ.9. మొత్తం టన్నుల్లో దాని వాటా 23 శాతం నుంచి 37 శాతానికి పెరిగింది. మిక్స్ నష్టంలో రూ.48.40 లక్షలు దీని వాటా పెరగడం వల్ల, రూ.22.25 లక్షలు కిలో ప్యాకెట్ వాటా తగ్గడం వల్ల వచ్చాయి. మిగిలింది సబ్బుల లెక్క, అది చిన్నది.

ఇంకో మాట. పెరిగిన 550 టన్నుల్లో ఈ ప్యాకెట్టే 700 టన్నులు. అంటే మిగతా మూడు సరుకులూ కలిపి 150 టన్నులు తగ్గాయి. కంపెనీ పెరిగిందని మనం చెప్పుకుంటున్నది ఒక్క సరుకు పెరగడం గురించే.

ఇప్పుడు ధర, ఖర్చు. ఈ రెండింటినీ కలిపి చూడాలి, ఎందుకంటే పెరిగిన ఖర్చును కొనేవారి నుంచి రాబట్టుకోగలిగామా అన్నదే అసలు ప్రశ్న. కిలో ప్యాకెట్ మీద ఖర్చు 3 రూపాయలు పెరిగితే ధర 4 పెంచాం. అంట్ల సబ్బు మీద 2 పెరిగితే 3 పెంచాం. ఈ రెండింటిలో నష్టం లేకపోగా 15 లక్షలు మిగిలాయి. బట్టల సబ్బు మీద ఖర్చు 2 పెరిగితే ధర 1 మాత్రమే పెరిగింది, రూ.10.50 లక్షలు పోయాయి. పది రూపాయల ప్యాకెట్ దగ్గర ఖర్చు రెండున్నర పెరగ్గా ధర రూపాయి తగ్గింది. అక్కడ పోయింది రూ.52.50 లక్షలు. ముడిసరుకు దెబ్బ అని మనం అంటున్నదంతా దాదాపుగా ఈ ఒక్క చోటే తగిలింది.

యాసిడ్ స్లర్రీ, సోడా యాష్ మనం కొన్న ధరలు నాలుగు సరుకుల మీదా పడ్డాయి. ఆ స్లర్రీకి మూలం ముడిచమురు, దాని ధర మన చేతిలో లేదు. కానీ పది రూపాయల ప్యాకెట్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ఎమ్మార్పీ పది దాటితే షాపువాడు తీసుకోడు, చిల్లర సమస్య. అలా ధర కదలదు కాబట్టి ఖర్చు పెరిగినప్పుడు గ్రాములు తగ్గించాలి. మనం ఏడాదంతా 100 గ్రాములకే కట్టుబడ్డాం. పైగా పడమటి రూట్లలో డజనుకు ఒకటి ఫ్రీ స్కీము పెట్టాం. ఆ స్కీములో వెళ్లిన సరుకు సుమారు 300 టన్నులు. దాని మీద కిలోకు 5 రూపాయల చొప్పున పోయింది. మొత్తం 1,500 టన్నుల మీద పరిస్తే అదే కిలోకు ఆ రూపాయి.

స్థిర ఖర్చులు 35 లక్షలు పెరిగాయి. అందులో రెండో పౌచ్ మెషీన్ లీజు 12 లక్షలు, ప్యాకింగ్ సెక్షన్ ఓవర్‌టైమ్ 9 లక్షలు, మార్కాపురం గోడౌన్ 8 లక్షలు. ఈ 29 లక్షలూ పది రూపాయల ప్యాకెట్ కోసం పెట్టినవే. మిగతా 6 లక్షలు మామూలు పెరుగుదల, దాని మీద చర్చ అక్కర్లేదు.

ఈ ప్యాకెట్ అమ్మకాలు పెంచడమే తప్పా అని సేల్స్ మేనేజర్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఖర్చు పెరుగుదల ఎలాగూ వచ్చేదే కాబట్టి దాన్ని పక్కన పెట్టి, అదనంగా అమ్మిన 700 టన్నులను మాత్రమే తూచాను. ఇప్పటి మిగులు కిలోకు రూ.5.50 చొప్పున అవి తెచ్చింది రూ.38.50 లక్షలు. వాటి కోసం పెట్టిన స్థిర ఖర్చు 29 లక్షలు తీసేస్తే రూ.9.50 లక్షలు మిగిలాయి. అంతవరకు చూస్తే లాభమే.

కానీ ఈ ప్యాకెట్ మన కిలో ప్యాకెట్‌ను ఎంత తినేసిందో కూడా చూడాలి. రూట్ల వారీ బిల్లింగ్ తీసి చూశాను. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు కిలో ప్యాకెట్ 680 టన్నుల నుంచి 648కి వచ్చింది, 4.7 శాతం తగ్గుదల. పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు 520 నుంచి 402కి పడింది. అది దాదాపు 23 శాతం. ధర పెంపు రెండు వైపులా ఒకటే, కాబట్టి ఇంత తేడాకు ధర కారణం కాదు. తేడా అల్లా స్కీము, గోడౌన్ పడమటి వైపు ఉండటమే. తూర్పు వైపు తగ్గిన శాతమే అక్కడా సహజంగా తగ్గేదనుకున్నా 24 టన్నులు పోయేది. పోయింది 118. మిగతా 94 టన్నులు మన ప్యాకెట్ మన ప్యాకెట్‌నే తినేసినవని నా అంచనా. కిలోకు 25 రూపాయల మిగులు లెక్కన రూ.23.50 లక్షలు. ఇది కూడా తీసేస్తే ఆ 700 టన్నులు మనకు రూ.14 లక్షల నష్టం తెచ్చాయి.

సేల్స్ వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. వాళ్ల ఇన్సెంటివ్ టన్నుల మీద ఉంది. టన్నులు అడిగాం, టన్నులు తెచ్చారు. ఎండలో ఊరూరా తిరిగి 800 టన్నులను 1,500 చేయడం చిన్న పని కాదు. కూలి డబ్బుతో ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునే ఇళ్లకు పది రూపాయల ప్యాకెట్టే దిక్కు. దాన్ని మూసేయాలని నేను అనను. అది మిగులు ఇచ్చేలా చేయాలి.

నా సిఫార్సు 90 గ్రాములు. ప్యాకెట్‌కు ఇప్పుడు వస్తున్న రూ.6.50 అలాగే ఉంటుంది కాబట్టి కిలోకు ధర రూ.72.22 అవుతుంది. పౌచ్ ఒక్కోటి 70 పైసలు, కిలోకు పదికి బదులు పదకొండు పైచిలుకు పడతాయి. ఖర్చు రూ.60.28కి చేరుతుంది, మిగులు రూ.5.50 నుంచి సుమారు 12 రూపాయలకు పెరుగుతుంది. ప్యాకెట్ల సంఖ్య 15 శాతం పడిపోయినా ఈ సరుకు మీద కాంట్రిబ్యూషన్ ఇప్పటికన్నా సుమారు 54 లక్షలు ఎక్కువ ఉంటుంది. గ్రాములు తగ్గించకుండా స్లర్రీ తగ్గించి డోలమైట్ పెంచుదామని ప్రొడక్షన్‌లో ఒక మాట వచ్చింది. దానికి నేను గట్టిగా వ్యతిరేకం. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లలో అసలే నురగ రాదు. పౌడర్ పనిచేయకపోతే ఆ ఇల్లు మళ్లీ మన పేరు అడగదు. గ్రాములు తగ్గితే ప్యాకెట్ మీద కనిపిస్తుంది, కొనేవారికి తెలిసే జరుగుతుంది.

స్కీమును ఈ ప్యాకెట్ మీద ఆపి, ఆ డబ్బులో సగం పడమటి రూట్లలో కిలో ప్యాకెట్ మీద పెట్టాలి. ఇన్సెంటివ్‌ను టన్నుల నుంచి కాంట్రిబ్యూషన్‌కు మార్చాలి. దానికి సరుకు వారీ పాయింట్ల పట్టిక తయారు చేసి సేల్స్ మేనేజర్ గారికి ఇచ్చాను, కిలో ప్యాకెట్‌కు 5 పాయింట్లయితే పది రూపాయల ప్యాకెట్‌కు 1. బట్టల సబ్బు మీద ఇంకో రూపాయి పెంచే విషయం తర్వాతి త్రైమాసికానికి వదిలేద్దాం, ఒకేసారి రెండు మార్పులు వస్తే డిస్ట్రిబ్యూటర్లు తట్టుకోరు.

సమావేశంలో తేల్చాల్సింది ముఖ్యంగా పౌచ్ రోల్ ప్రింటింగ్. బరువు మారితే నికర పరిమాణంతో పాటు గ్రాముకు ధర కూడా 10 పైసల నుంచి 11 పైసలుగా మార్చి అచ్చు వేయాలి. గుండ్లాపల్లి ఫ్యాక్టరీలో పాత రోళ్లు జూలై ఆఖరు వరకు సరిపోతాయి, కాబట్టి పారేయాల్సిన అవసరం లేదు. కొత్త సిలిండర్లకు, ప్రింటింగ్‌కు ఏడు వారాలు పడుతుందని సప్లయర్ చెప్పారు. జూన్ 10లోపు ఆర్డర్ ఇస్తే ఆగస్టు మొదటి వారంలో 90 గ్రాముల సరుకు మార్కాపురం గోడౌన్‌కు చేరుతుంది.