రసాయనశాస్త్ర విభాగం: 2025-26 వార్షిక లక్ష్యాలు, ప్రాధాన్యాల జాబితా

ప్రిన్సిపాల్ గారికి, విభాగ అధ్యాపకులకు, ప్రయోగశాల సిబ్బందికి

ఈ ఏడాది మన విభాగానికి మంజూరైనది రూ. 2,00,000. జులైలో 1,20,000, డిసెంబరులో 80,000 వస్తాయి. జూన్ మొదటి వారంలో అందరూ రాసిచ్చిన అవసరాలన్నీ కలిపితే రూ. 3,95,000 అయింది. అందరికీ కొంచెం కొంచెం కోసి పంచితే ఏ పనీ పూర్తికాదు. సగం డబ్బుతో ఫ్యూమ్ హుడ్ మోటారు సగం తిరగదు. అందుకే ముందు విభాగం ఉన్న స్థితిని స్వాట్ పద్ధతిలో నాలుగు భాగాలుగా రాసుకున్నాం. ఆ తర్వాతే ప్రాధాన్యాలు నిర్ణయించాం.

రాసేటప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నాం. మన చేతిలో ఉన్నదైతే బలం లేదా బలహీనత. బయటి నుంచి వచ్చేదైతే అవకాశం లేదా ముప్పు. ఈ గీత చెరిగిపోతే "నిధులు లేవు" అన్న మాట నాలుగు గళ్లలోనూ చేరి, చేయాల్సిన పని ఒక్కటీ తేలదు. రెండో నియమం: ప్రతి మాటకూ రిజిస్టర్‌లోనో కొలతలోనో ఆధారం ఉండాలి. "అనుభవజ్ఞులైన అధ్యాపకులు", "మంచి వాతావరణం" లాంటివి అందుకే కొట్టేశాం.

బలాలు

24 మంది ఒకేసారి పనిచేయగల ప్రయోగశాల ఉంది. 0.1 మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు, కలరీమీటర్, కండక్టివిటీ మీటర్ పనిచేస్తున్నాయి. నలుగురు అధ్యాపకుల్లో ఇద్దరికి నీటి పరీక్షల్లో పని అనుభవం ఉంది. స్టోర్ రిజిస్టర్ నెలనెలా సరిచూసి ఉంది కాబట్టి ఏ రసాయనం ఎంత ఖర్చవుతోందో గ్రాముల్లో చెప్పగలం. ఈ ప్రణాళిక మొత్తానికి ఆధారం ఆ రిజిస్టరే.

బలహీనతలు

ఫ్యూమ్ హుడ్ మోటారు కాలిపోయి ఉంది. లవణ విశ్లేషణలో రెండో గ్రూపుకు థయోఎసిటమైడ్ వాడుతున్నాం. వేడిచేస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది, పైగా అది క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న పదార్థం. కిటికీలు తెరిచినంత మాత్రాన హుడ్ చేసే పని జరగదు.

స్టోర్‌లో గడువు తీరిన సీసాలు 41 ఉన్నాయి. వాటిలో మూడు మిగతావాటిలాంటివి కావు: పిక్రిక్ ఆమ్లం ఒకటి, డైఇథైల్ ఈథర్ రెండు. తడి ఆరిపోయిన పిక్రిక్ ఆమ్లం రాపిడికే పేలగలదు. పాత ఈథర్‌లో పెరాక్సైడ్‌లు ఏర్పడి మూత అంచున చేరతాయి. ఈ మూడు సీసాల మూతలు ఎవరూ తిప్పకూడదు, సీసాలను కదపకూడదు, కడగకూడదు. అవి ఉన్న అల్మారాకు ఈ రోజు నుంచే తాళం. తాళం చెవి స్టోర్ ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది.

డిస్టిల్డ్ వాటర్ యూనిట్ హీటర్ కాయిల్ పోయింది. మన బోరు నీటి కాఠిన్యం లీటరుకు 520 మిల్లీగ్రాములు. పల్నాడు సున్నపురాతి నేలలో ఇది వింతేమీ కాదు. ఆ సున్నం కాయిల్‌పై పొరకట్టి వేడిని నీటికి చేరనివ్వదు, కాయిల్ లోపలే వేడెక్కి కాలిపోతుంది. నీళ్లు మెత్తబరచకుండా కొత్త కాయిల్ మాత్రమే వేస్తే దానిదీ అదే గతి. నిరుడు బయట కొన్న డిస్టిల్డ్ వాటర్‌కే రూ. 13,200 అయింది. అందులో కొన్ని క్యాన్ల నీటికి సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లగా మసక వచ్చింది, అంటే క్లోరైడ్ ఉంది.

36 బ్యూరెట్లలో 20 కారుతున్నాయి లేదా కాక్ బిగుసుకుపోయింది. సోడియం హైడ్రాక్సైడ్‌ను అందులోనే వదిలేసి వెళ్లడం దీనికి కారణం. క్షారం గాజును తిని కాక్‌ను అతికించేస్తుంది. పీహెచ్ మీటర్లు మూడింటిలో రెండింటి ఎలక్ట్రోడ్‌లు ఎండిపోయాయి. ఎలక్ట్రోడ్‌ను 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్‌లో కాదు.

అవకాశాలు

చుట్టుపక్కల ఊళ్ల నుంచి బోరు నీళ్లు పరీక్షించి పెట్టమని అడుగుతున్నారు. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతి. ఫ్లోరైడ్‌కు ఆ హద్దులు 1.0, 1.5. రెండు పరీక్షలూ మన పరికరాలతో చేయగలం: కాఠిన్యానికి ఈడీటీఏ టైట్రేషన్, ఫ్లోరైడ్‌కు 570 నానోమీటర్ల దగ్గర కలరీమీటర్. తృతీయ సంవత్సరం ప్రాజెక్టులకు ఇంతకంటే పనికొచ్చే విషయం మన దగ్గర లేదు.

ముప్పులు

2023-24లో సింగిల్ మేజర్ విధానం వచ్చాక రసాయనశాస్త్రాన్ని ఎంచుకునేవారు తగ్గారు. మన 50 సీట్లకు 2023లో 44 మంది, 2024లో 38 మంది చేరారు. ఈసారి 30 వరకు వస్తారని అంచనా. రెండో విడత ఆలస్యం కావచ్చు. సిల్వర్ నైట్రేట్ ధర వెండి ధరతోపాటే పెరుగుతుంది.

ప్రాధాన్యాలు ఎలా తేల్చాం

భద్రతకు మార్కులు వేయలేదు. అది ముందే పక్కన పెట్టాల్సిన డబ్బు: హుడ్ మోటారు, డక్ట్ రూ. 28,000, కళ్లద్దాలు, ఐ వాష్ బాటిళ్లు, అగ్నిమాపక సిలిండర్ల రీఫిల్ రూ. 14,500, గడువు తీరిన రసాయనాల తొలగింపు రూ. 12,000. మొత్తం రూ. 54,500.

ఏటా తప్పని ఖర్చులకూ మార్కులు లేవు: రసాయనాలు 62,000, పగిలే గాజుసామాను 12,000, త్రాసు సర్వీసు 7,800. మొత్తం రూ. 81,800.

మిగిలిన ఆరు ప్రతిపాదనలకు మూడు ప్రశ్నలు వేసి, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు ఇచ్చాం. ఎంతమంది విద్యార్థులకు ఉపయోగం? ఈ ఏడాది కొనకపోతే ప్రాక్టికల్ ఆగుతుందా? ఖర్చెంత? ఖర్చు రూ. 10,000 లోపైతే 3, రూ. 30,000 లోపైతే 2, దాటితే 1. నలుగురం విడివిడిగా మార్కులు వేసి, తేడా ఉన్నచోట మాత్రమే చర్చించాం. అందరూ కలిసి వేస్తే మొదట మాట్లాడినవారి మార్కే అందరి మార్కూ అవుతుంది.

| ప్రతిపాదన | ఖర్చు రూ. | విద్యార్థులు | ఆగుతుందా | ఖర్చు మార్కు | మొత్తం | నిర్ణయం |
|---|---|---|---|---|---|---|
| హీటర్ కాయిల్, సాఫ్ట్‌నర్ | 9,500 | 3 | 3 | 3 | 9 | జులై |
| టెఫ్లాన్ కాక్ బ్యూరెట్లు 12 | 7,800 | 3 | 3 | 3 | 9 | జులై |
| పీహెచ్ ఎలక్ట్రోడ్‌లు 2 | 6,400 | 2 | 2 | 3 | 7 | డిసెంబరు |
| అణు నమూనాల సెట్లు 6 | 9,000 | 3 | 1 | 3 | 7 | డిసెంబరు |
| నీటి పరీక్ష సామగ్రి | 11,000 | 2 | 1 | 2 | 5 | డిసెంబరు |
| స్మార్ట్ బోర్డు | 48,000 | 3 | 1 | 1 | 5 | కళాశాల ఉమ్మడి నిధికి |

స్పెక్ట్రోఫోటోమీటర్ రూ. 1,45,000 కావడంతో జాబితాలోకే రాలేదు. ఒక్క పరికరానికి ఏడాది డబ్బులో మూడొంతుల దాకా పోతే ప్రాక్టికల్స్ నడవవు. దాన్ని ప్రత్యేక గ్రాంటు దరఖాస్తులో పెడతాం. సమాన మార్కులు వచ్చిన నీటి పరీక్ష సామగ్రిని స్మార్ట్ బోర్డుకు ముందు పెట్టడానికి కారణం ధర ఒక్కటే కాదు. ప్రవేశాలు తగ్గుతున్న విభాగం తన పనిని ఊరివాళ్లకు చూపించాలి.

ఈ ఆరింటిలో కొనేవి ఐదు, రూ. 43,700. భద్రత, తప్పని ఖర్చులతో కలిపి రూ. 1,80,000. మిగిలిన రూ. 20,000 అత్యవసరాలకు. ఇందులో 10,200 మొదటి విడతలో, 9,800 రెండో విడతలో ఉంటాయి.

రసాయనాల ఖర్చు 84,000 నుంచి 62,000కు తగ్గేది ఎలా

టైట్రేషన్లలో 20 మిల్లీలీటర్లకు బదులు 10 పిపెట్ చేయిస్తాం. అంతకంటే తగ్గించకూడదు. బ్యూరెట్ రీడింగ్‌లో 0.1 మిల్లీలీటరు తేడా వస్తే 20 మిల్లీలీటర్ల మీద తప్పు అర శాతం, 10 మీద ఒక శాతం, 5 మీద రెండు శాతం. లవణ విశ్లేషణలో ఒక్కో పరీక్షకు 1 మిల్లీలీటరు ద్రావణం చాలు. సిల్వర్ నైట్రేట్‌ను 0.02 నార్మల్‌గానే తయారుచేసి ముదురు రంగు సీసాలో ఉంచాలి. క్లోరైడ్ టైట్రేషన్లలో వచ్చే వెండి వ్యర్థాలను విడిగా సేకరించాలి. టోలెన్స్ కారకం మాత్రం ఆ సీసాలో పోయకూడదు: అమోనియాతో కలిసిన వెండి ద్రావణం నిలవ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. అది మిగిలితే ఆ పూటే సజల నైట్రిక్ ఆమ్లం చేర్చి ఆమ్లపరచాలి.

లక్ష్యాలు, గడువులు, బాధ్యులు

1. ఆగస్టు 14లోగా ఫ్యూమ్ హుడ్ పనిచేయాలి. ముఖద్వారం దగ్గర గాలి వేగం సెకనుకు 0.4 నుంచి 0.6 మీటర్లు ఉండాలి. కొలవడానికి భౌతికశాస్త్ర విభాగం నుంచి ఎనిమోమీటర్ తెచ్చుకుంటాం. అప్పటివరకు రెండో గ్రూపు విశ్లేషణ జరగదు, ముందు టైట్రేషన్లు పూర్తిచేస్తాం. బాధ్యత: విభాగాధిపతి.

2. సెప్టెంబరు 30లోగా గడువు తీరిన 41 సీసాలు స్టోర్ దాటాలి. ప్రమాదకర వ్యర్థాలకు అనుమతి ఉన్న సంస్థకే ఇస్తాం, రసీదు ఫైల్‌లో ఉంచుతాం. పిక్రిక్ ఆమ్లం, ఈథర్ సీసాల సంగతి ఆ సంస్థకు ముందే రాసి చెప్పాలి. బాధ్యత: స్టోర్ ఇన్‌చార్జి.

3. జులై నెలాఖరుకల్లా డిస్టిల్డ్ వాటర్ మన దగ్గరే తయారు కావాలి. ప్రతి సోమవారం కండక్టివిటీ చూడాలి, 10 మైక్రోసీమెన్స్ దాటితే ఆ నీరు వాడకూడదు. నెలకోసారి కాయిల్‌ను 5 శాతం సిట్రిక్ ఆమ్లంతో శుభ్రపరచాలి, సాఫ్ట్‌నర్‌ను ఉప్పునీటితో రీజనరేట్ చేయాలి. చల్లబరిచే నీటి ధార ఆగితే యూనిట్ వెంటనే ఆపాలి. బాధ్యత: ప్రయోగశాల సహాయకుడు.

4. ప్రతి బ్యాచ్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో మంచి బ్యూరెట్. ఇప్పుడున్న 16కు కొత్త 12 చేరితే 28, అంటే నాలుగు అదనం. పని అయ్యాక మూడుసార్లు కడిగి, కాక్ తెరిచి తలకిందులుగా పెట్టడం రికార్డు మార్కుల్లో భాగం. బాధ్యత: ఆ బ్యాచ్ అధ్యాపకులు.

5. సంక్రాంతి సెలవుల తర్వాత ఫిబ్రవరి నెలాఖరులోగా 60 నీటి నమూనాలు. ప్రతి పదో నమూనాను రెండుసార్లు పరీక్షించాలి. ఊరివాళ్లకు ఇచ్చే కాగితంపై "విద్యార్థుల అధ్యయన ఫలితం, అధికారిక ధ్రువపత్రం కాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. మనది గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రం కాదు. ఫ్లోరైడ్ 1.5 దాటిన నమూనా కనిపిస్తే గ్రామీణ నీటి సరఫరా విభాగానికి తెలియజేస్తాం. బాధ్యత: తృతీయ సంవత్సరం ప్రాజెక్టు అధ్యాపకులు.

సమీక్ష

ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం అరగంట. చూసేవి మూడే: ఖర్చయిన మొత్తం, దాటిపోయిన గడువు, అత్యవసర నిధిలో మిగులు. అక్టోబరు సమావేశంలో స్వాట్ మళ్లీ చదివి, తీరిపోయిన బలహీనతలను కొట్టేస్తాం. కొత్త ప్రతిపాదన వస్తే అదే మూడు ప్రశ్నలకు మార్కులు వేశాకే జాబితాలో చేరుతుంది.

డిసెంబరు 31 దాకా రెండో విడత రాకపోతే ముందు అణు నమూనాలు ఆగుతాయి, తర్వాత ఎలక్ట్రోడ్‌లు. నీటి పరీక్షను 20 నమూనాలకు కుదించి, కావలసిన రూ. 4,000 అత్యవసర నిధి నుంచి తీసుకుంటాం. ప్రాక్టికల్ పరీక్షల రసాయనాలు మాత్రం ఆగవు. వాటికి రూ. 24,000 ముందుగా సర్దుబాటు చేయాలని కోరుతూ ప్రిన్సిపాల్ గారికి డిసెంబరు మొదటి వారంలోనే లేఖ ఇస్తాం.