టీఎల్‌బీ రీచ్, ప్రొటెక్షన్ బిట్స్, కాపీ ఆన్ రైట్: రెండో మిడ్‌కి చిన్న జవాబులు

మొదటి మిడ్ పేపర్లు దిద్దుతున్నప్పుడు ఒక విషయం గమనించాను. నిర్వచనాలు అందరూ బాగానే రాశారు. "అయితే ఏమవుతుంది?" అని ఒక్క అడుగు ముందుకేసి అడిగిన చోట మాత్రం చాలామంది ఆగిపోయారు. వర్చువల్ మెమరీలో ఈ మూడింటినీ విడివిడిగా బట్టీపడితే అదే జరుగుతుంది. అడ్రస్ ఎక్కడికి మారుతుందో, ఆ పేజీ మీద ఏం చెయ్యొచ్చో, రెండూ ఒకే పేజ్ టేబుల్ ఎంట్రీలో ఉంటాయి. టీఎల్‌బీ దాచుకునేది ఆ ఎంట్రీ నకలునే. కాపీ ఆన్ రైట్ నడిచేది అందులోని ఒక్క బిట్ మీద. ఇది మనసులో పెట్టుకుని కింది జవాబులు చదవండి. రెండు మార్కుల ప్రశ్నకి నాలుగైదు వాక్యాలు చాలు. కొన్నిచోట్ల నేను ఎక్కువ రాసింది మీకు అర్థం కావడానికి.

1. టీఎల్‌బీ రీచ్ అంటే ఏమిటి? 64 ఎంట్రీలు, 4 KB పేజీలు ఉంటే ఎంత?

టీఎల్‌బీలో ఉన్న ఎంట్రీలన్నీ కలిపి ఒక్క మిస్ కూడా లేకుండా అందుకోగల మెమరీ మొత్తమే టీఎల్‌బీ రీచ్.

```
రీచ్ = ఎంట్రీల సంఖ్య × పేజీ సైజు
64 × 4 KB = 256 KB
```

ప్రోగ్రామ్ ఒక దశలో పదేపదే తాకే పేజీలు, అంటే దాని వర్కింగ్ సెట్, ఈ 256 KBలో ఇమిడితే మిస్‌లు దాదాపు ఉండవు. మించితే పేజీలన్నీ ర్యామ్‌లోనే ఉన్నా వేగం పడిపోతుంది. ఈ చివరి మాట తప్పకుండా రాయండి. టీఎల్‌బీ మిస్ అంటే పేజ్ ఫాల్ట్ కాదు. మిస్ అయితే పేజ్ టేబుల్‌ని నడిచి చూడాలి, అంతే. డిస్క్ దాకా వెళ్లాల్సిన పని లేదు.

2. టీఎల్‌బీ వెతుకులాటకి 2 ns, మెమరీకి 100 ns, నాలుగు లెవెల్స్ పేజ్ టేబుల్, హిట్ రేషియో 98 శాతం. సగటు సమయం ఎంత?

```
హిట్  : 2 + 100 = 102 ns
మిస్  : 2 + 4×100 + 100 = 502 ns
సగటు : 0.98×102 + 0.02×502 = 99.96 + 10.04 = 110 ns
```

హిట్ రేషియో 90 శాతానికి పడితే ఇదే లెక్క 142 ns అవుతుంది. మిస్ లెక్కలో డేటా కోసం చేసే చివరి మెమరీ యాక్సెస్‌ని మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. నాలుగు యాక్సెస్‌లు టేబుల్‌కి, అయిదోది డేటాకి.

3. రీచ్ పెంచడానికి ఎంట్రీలు పెంచితే సరిపోదా? పేజీ సైజు ఎందుకు పెంచుతారు?

ప్రతి మెమరీ యాక్సెస్‌లోనూ టీఎల్‌బీని చూడాల్సిందే కాబట్టి అది చాలా వేగంగా ఉండాలి. ఎంట్రీలు పెంచేకొద్దీ వెతకడానికి పట్టే సమయం, ఖర్చయ్యే కరెంటు పెరుగుతాయి. అందుకే మొదటి లెవెల్ టీఎల్‌బీని చిన్నగా ఉంచి, వెనక పెద్ద రెండో లెవెల్ పెడతారు. ఇంటెల్ స్కైలేక్‌లో ఆ రెండో లెవెల్‌కి 1536 ఎంట్రీలు. 4 KB పేజీలతో దాని రీచ్ 6 MB, 2 MB పేజీలతో 3 GB. ఎంట్రీ ఒక్కటీ పెరగకుండానే 512 రెట్లు.

దీనికి కట్టే మూల్యం ఇంటర్నల్ ఫ్రాగ్మెంటేషన్. 5 KB అవసరానికి 2 MB పేజీ ఇస్తే 2043 KB వృథా.

4. 4096 × 4096 `int` మ్యాట్రిక్స్‌ని అడ్డు వరుసల్లో చదివితే త్వరగా, నిలువు వరుసల్లో చదివితే నెమ్మదిగా ఎందుకు అవుతుంది? టీఎల్‌బీ వైపు నుంచి చెప్పండి.

`int` 4 బైట్లు, పేజీ 4 KB, టీఎల్‌బీలో 64 ఎంట్రీలు, రీప్లేస్‌మెంట్ ఎల్‌ఆర్‌యూ అనుకుందాం. మ్యాట్రిక్స్ మొత్తం 64 MB. ఒక అడ్డు వరుస 16 KB, అంటే 4 పేజీలు.

అడ్డంగా చదివితే ఒక పేజీలో 1024 సంఖ్యలు వరసగా వస్తాయి కాబట్టి 1024 యాక్సెస్‌లకి ఒక్క మిస్. మొత్తం 16,384 మిస్‌లు.

నిలువుగా చదివితే ప్రతి అడుగూ 16 KB అవతల పడుతుంది, అంటే ప్రతిసారీ కొత్త పేజీ. ఒక నిలువు వరుస ముగిసేసరికి 4096 వేర్వేరు పేజీలు తాకాం. రెండో నిలువు వరుసకి మొదటి పేజీ దగ్గరికి తిరిగి వచ్చేటప్పటికి దాని ఎంట్రీ ఎప్పుడో పోయి ఉంటుంది. కాబట్టి ప్రతి యాక్సెస్ మిస్సే. మొత్తం 1,67,77,216.

అదే డేటాని 2 MB పేజీల్లో పెట్టి, వాటికీ ఈ 64 ఎంట్రీలే వాడుకోగలిగితే, 32 పేజీల్లో మ్యాట్రిక్స్ అంతా ఇమిడిపోతుంది. ఎటు నుంచి చదివినా 32 మిస్‌లే. నిలువుగా చదివితే క్యాష్ మిస్‌లు కూడా పెరుగుతాయి. అది వేరే కారణం, ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి.

5. ప్రొటెక్షన్ బిట్స్ ఏవి? x86-64 ఉదాహరణతో రాయండి.

పేజీ మీద ఎవరు, ఏం చెయ్యొచ్చో చెప్పే బిట్స్ ఇవి. x86-64 పేజ్ టేబుల్ ఎంట్రీలో బిట్ 0 ప్రెజెంట్, బిట్ 1 రాయడానికి అనుమతి, బిట్ 2 యూజర్ మోడ్‌కి అనుమతి. చిట్టచివరి బిట్ 63 నో ఎగ్జిక్యూట్. అది 1 అయితే ఆ పేజీలోని బైట్లని ఇన్‌స్ట్రక్షన్లుగా నడపడం కుదరదు. బిట్ 5 యాక్సెస్డ్, బిట్ 6 డర్టీ అన్నవి ప్రొటెక్షన్ బిట్స్ కావు. అవి పేజీని వాడిన గుర్తులు, రీప్లేస్‌మెంట్‌కి పనికొస్తాయి. రెండూ కలిపి రాస్తే మార్కు పోతుంది.

తొలినాటి 32 బిట్ x86 ఎంట్రీలో నో ఎగ్జిక్యూట్ బిట్ లేదు. దానివల్ల స్టాక్‌లోకి చొప్పించిన బైట్లని కోడ్‌గా నడిపించే దాడులు తేలికయ్యాయి. 2003లో ఏఎమ్‌డీ 64 బిట్ ప్రాసెసర్లతో ఆ బిట్ వచ్చింది. ఒక్క బిట్ లేకపోవడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

6. అనుమతి ఎప్పుడు సరిచూస్తారు? బిట్ మార్చాక టీఎల్‌బీని ఎందుకు ఫ్లష్ చెయ్యాలి?

అడ్రస్ మార్పిడితో పాటే, ప్రతి యాక్సెస్‌లో, హార్డ్‌వేరే సరిచూస్తుంది. టీఎల్‌బీ హిట్ అయినప్పుడు చూసేది టీఎల్‌బీలోని నకలు బిట్స్‌నే, మెమరీలోని పేజ్ టేబుల్‌ని కాదు. కాబట్టి కెర్నల్ పేజ్ టేబుల్‌లో రైట్ బిట్ తీసేసినా పాత నకలు టీఎల్‌బీలో ఉన్నంతకాలం రాతలు సాగిపోతూనే ఉంటాయి. x86లో ఒక పేజీ ఎంట్రీని తీసెయ్యడానికి `invlpg` ఉంది, కానీ అది నడిచిన కోర్‌కే వర్తిస్తుంది. మిగతా కోర్లకి ఇంటరప్ట్ పంపి వాటి చేత కూడా తీసెయ్యించాలి. దీన్నే టీఎల్‌బీ షూట్‌డౌన్ అంటారు.

7. కాపీ ఆన్ రైట్ ఎలా పనిచేస్తుంది?

`fork()` పిలిచినప్పుడు పేరెంట్ పేజీలన్నీ కాపీ చెయ్యరు. పేరెంట్, చైల్డ్ ఇద్దరి ఎంట్రీలూ అవే ఫ్రేమ్‌లని చూపిస్తాయి. రాయడానికి వీలున్న ప్రైవేట్ పేజీలకి ఇద్దరి వైపూ రైట్ బిట్ తీసేస్తారు. ఇద్దరి వైపూ అన్నది ముఖ్యం. చైల్డ్‌కి మాత్రమే తీసేస్తే పేరెంట్ రాసింది చైల్డ్‌కి కనిపించేస్తుంది.

ఇద్దరిలో ఎవరు రాయబోయినా పేజ్ ఫాల్ట్ వస్తుంది. కెర్నల్ కొత్త ఫ్రేమ్ తీసుకుని ఆ ఒక్క పేజీ కాపీ చేసి, రాయబోయిన ప్రాసెస్ ఎంట్రీని కొత్త ఫ్రేమ్‌కి మార్చి, రైట్ బిట్ పెట్టి, పాత టీఎల్‌బీ ఎంట్రీ తీసేసి, ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌ని మళ్లీ నడిపిస్తుంది. ఆ ఫ్రేమ్‌ని వాడుతున్నది తానొక్కటే అయితే, అవతలి ప్రాసెస్ ఈలోగా `exec` చేసినా ముగిసిపోయినా, కాపీ అక్కర్లేదు. రైట్ బిట్ పెడితే చాలు.

ఆరో ప్రశ్నతో కలిపి చూడండి. పేరెంట్‌లో రెండు థ్రెడ్లు రెండు కోర్ల మీద ఉన్నాయి. ఒకటి `fork()` చేసింది. రెండో కోర్‌లో పాత ఎంట్రీ, రైట్ బిట్‌తో సహా మిగిలిపోతే, ఆ థ్రెడ్ ఫాల్ట్ లేకుండా నేరుగా షేర్ అయిన ఫ్రేమ్‌లో రాసేస్తుంది. చైల్డ్ డేటా చెప్పాపెట్టకుండా మారిపోతుంది. షూట్‌డౌన్ ఎందుకు అవసరమో అడిగితే ఈ ఉదాహరణ రాయండి, పూర్తి మార్కులు వేస్తాను.

8. 400 MB వాడుతున్న ప్రాసెస్ `fork()` చేసింది. చైల్డ్ 3 పేజీల్లో రాసి `exec` చేసింది. ఎంత కాపీ అయింది?

డేటా 3 × 4 KB = 12 KB. కానీ పేజ్ టేబుల్ కాపీ కూడా ఉంది. 400 MBలో 1,02,400 పేజీలు, ఎంట్రీకి 8 బైట్లు, అంటే చివరి లెవెల్‌కే 800 KB. కాపీ ఆన్ రైట్ ఉన్నా పెద్ద ప్రాసెస్‌లో `fork()` తక్షణం ముగియకపోవడానికి కారణం ఇదే. 2 MB పేజీలైతే ఎంట్రీలు 200కి తగ్గుతాయి, కానీ ఒక్క బైట్ రాసినందుకు 2 MB మొత్తం కాపీ చెయ్యాల్సి రావచ్చు. రీచ్‌కి మేలు చేసిన పెద్ద పేజీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

9. కింది ప్రోగ్రామ్ ఏం ప్రింట్ చేస్తుంది?

```c
#include <stdio.h>
#include <unistd.h>
#include <sys/wait.h>
int x = 5;
int main(void) {
    if (fork() == 0) x = 9;
    else wait(NULL);
    printf("%d %p\n", x, (void *)&x);
    return 0;
}
```

ముందు చైల్డ్ 9, తర్వాత పేరెంట్ 5. అడ్రస్ మాత్రం రెండు లైన్లలోనూ ఒకటే. అది వర్చువల్ అడ్రస్ కాబట్టి. `x = 9` దగ్గర చైల్డ్‌కి వేరే ఫ్రేమ్ వచ్చింది, అడ్రస్ మారలేదు.

10. కాపీ ఆన్ రైట్ పేజీలో రాసినా, `char *s = "anna"; s[0] = 'A';` అని రాసినా వచ్చేది పేజ్ ఫాల్టే. మొదటిది సాఫీగా సాగిపోయి, లైనక్స్‌లో రెండోది సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఎందుకవుతుంది?

పేజీ అప్పటికే మెమరీలో ఉంటే రెండింటికీ హార్డ్‌వేర్ ఇచ్చే ఎర్రర్ కోడ్ ఒకటే. పేజీ ఉంది, రాయబోయారు, యూజర్ మోడ్: మూడు బిట్స్ కలిపి `111`, అంటే 7. ఎర్రర్ కోడ్ చూసి, పేజ్ టేబుల్‌లోని రైట్ బిట్ చూసి ఈ రెండింటినీ విడదీయలేం.

కెర్నల్ దగ్గర మరో రికార్డు ఉంటుంది. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా ఏ అనుమతితో మ్యాప్ చేశారో ప్రతి ప్రాసెస్‌కీ రాసి పెట్టుకుంటుంది. లైనక్స్‌లో దాని పేరు `vm_area_struct`. మొదటి సందర్భంలో ఆ రికార్డు రాయొచ్చనే చెబుతుంది, పేజ్ టేబుల్‌లో మాత్రమే వద్దని ఉంది. కాబట్టి అది కాపీ ఆన్ రైట్ అని తెలుసుకుని కెర్నల్ కాపీ చేస్తుంది. రెండో సందర్భంలో స్ట్రింగ్ లిటరల్ ఉన్న చోటు రికార్డులోనే చదవడానికి మాత్రమే అని ఉంది. కాబట్టి `SIGSEGV` పంపుతుంది.

పేజ్ టేబుల్‌లోని బిట్ హార్డ్‌వేర్‌కి ఈ క్షణంలో ఏం చెయ్యాలో చెబుతుంది. ప్రోగ్రామ్‌కి అసలు హక్కు ఉందా లేదా అన్నది ఆ రికార్డులో ఉంటుంది.