పీహెచ్‌డీ వైవా తేదీ వాయిదా కోసం విన్నపం

గుంటూరు,
13 నవంబరు 2025.

మౌఖిక పరీక్షా సంఘం అధ్యక్షులకు, సభ్యులకు,
(పర్యవేక్షకుల ద్వారా)

విషయం: 20 నవంబరు 2025న జరగవలసిన నా పీహెచ్‌డీ వైవాను వాయిదా వేయవలసిందిగా విన్నపం.

ఆర్యా,

నేను తెలుగు శాఖలో పూర్తికాలపు పరిశోధక విద్యార్థినిని. గుంటూరు జిల్లా వరినాటు పాటలపై నేను రాసిన సిద్ధాంత గ్రంథాన్ని 28 జులై 2025న సమర్పించాను. దానిపై వైవాను ఈ నెల 20న ఉదయం 11 గంటలకు నిర్ణయించినట్లు తమ కార్యాలయం నుంచి లేఖ అందింది.

ఈ నెల 9వ తేదీ రాత్రి మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోవడంతో ఆయన కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. ఇప్పటికీ ఐసీయూలోనే ఉన్నారు. వార్డుకు మార్చిన తరువాత కూడా కనీసం పది రోజులు ఆసుపత్రిలో ఉంచాలని, ఫిజియోథెరపీ ఆలస్యం కాకుండా మొదలుపెట్టాలని వైద్యులు చెప్పారు. నేను ఒక్కతే సంతానాన్ని. అమ్మకు మధుమేహం ఉన్నందున రాత్రిళ్లు ఆసుపత్రిలో నేనే ఉంటున్నాను, సంతకాలూ మందులూ నేనే చూసుకుంటున్నాను.

వైవాను ఆన్‌లైన్‌లో జరిపే వీలు ఉందని నాకు తెలుసు, అందుకు కూడా సిద్ధపడదామని మొదట అనుకున్నాను. కానీ ఏ క్షణాన పిలుపు వస్తుందో తెలియని ఐసీయూ వరండాలో కూర్చుని పరీక్షకుల ప్రశ్నలకు నిలకడగా జవాబు చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. నాలుగేళ్లు ఊరూరా తిరిగి సేకరించిన పాటల గురించి, అవి పాడి వినిపించిన స్త్రీల గురించి, అరకొర మనసుతో మాట్లాడడం వారికీ తమకూ న్యాయం కాదని భావిస్తున్నాను.

కాబట్టి వైవాను 15 డిసెంబరు 2025కూ, సంక్రాంతి సెలవులకు ముందు 9 జనవరి 2026కూ మధ్య, తమకూ బయటి పరీక్షకులకూ వీలైన ఏ రోజుకైనా మార్చవలసిందిగా కోరుతున్నాను. సిద్ధాంత గ్రంథం సమర్పించిన ఆరు నెలల్లో మూల్యాంకనం ముగియాలన్న యూజీసీ నిబంధన ప్రకారం గడువు జనవరి చివరివారం వరకూ ఉంది గనుక, ఈ మార్పు వల్ల ఆ నిబంధనకు భంగం కలగదు. నాలుగో అధ్యాయంపై పరీక్షకులు అడిగిన సవరణలకు సమాధానాలు, ప్రదర్శన పాఠం ఇదివరకే పర్యవేక్షకులకు అందజేశాను. నా వైపు నుంచి మిగిలిన పని ఏమీ లేదు.

బయటి పరీక్షకులు చెన్నై నుంచి రావలసి ఉన్నదని తెలిసీ ఇలా అడగవలసి వస్తున్నందుకు మన్నించగోరుతున్నాను. వారి ప్రయాణ ఏర్పాట్లకు ఇబ్బంది తగ్గాలనే, వారం ముందుగానే రాస్తున్నాను. తమ నిర్ణయాన్ని 17వ తేదీ సోమవారంలోగా తెలియజేయగలిగితే కృతజ్ఞురాలిని. ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రాన్ని, వైవా లేఖ ప్రతిని ఈ విన్నపంతో జతచేశాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పరిశోధక విద్యార్థిని, తెలుగు శాఖ