అన్నాడు, అంది: బదులుగా వాడే క్రియలు

పోయిన నెల మన కథల బృందంలో చదివిన కథల్లో ‘కోపంగా అన్నాడు’, ‘మెల్లగా అంది’ లెక్కలేనన్ని వచ్చాయి. ఆ పని ఒక్కమాటతో చేసే క్రియలు మన ఇళ్లలోనే ఉన్నాయి. నోట్సులో రాసుకున్నవి గొంతును బట్టి సర్ది ఇస్తున్నాను.

లోగొంతు
గొణిగాడు, సణిగింది, నసిగాడు, గుసగుసలాడింది, నీళ్లు నమిలాడు, మాట నాన్చాడు.

మొదటి మూడూ ఒకటే అనుకుని కలిపేస్తుంటాం. గొణిగేవాడి మాట సరిగా వినపడదు, ఎదుటివాడు వినాలన్న పట్టింపూ వాడికి ఉండదు. సణుగుడు ఫిర్యాదు, పక్కగదిలోకి వినపడేలా సణుగుతారు. నసిగేవాడి దగ్గర చెప్పాల్సింది ఉంటుంది, నోరు పెగలదు. “అన్నం చల్లారిపోతోంది” అన్న మాటనే తీసుకోండి. వంటింట్లోంచి అత్తగారు సణిగితే ఒక కథ, గుమ్మం దగ్గర కొత్తకోడలు నసిగితే ఇంకో కథ.

కోపం
కసిరాడు, గద్దించాడు, గదమాయించింది, మందలించారు, విరుచుకుపడ్డాడు, అరిచాడు, గావుకేక పెట్టింది.

కసురు చిన్నది, చిరాకులోంచి వస్తుంది. గద్దింపుకు అధికారం కావాలి: తండ్రి కొడుకును గద్దిస్తాడు, కొడుకు తండ్రి మీద విరుచుకుపడతాడు. మందలింపులో ప్రేమ ఉంటుంది. ‘గర్జించాడు’ను నేను కావాలనే వదిలేశాను, వాడి వాడి అరిగిపోయింది.

ముల్లు
దెప్పింది, ఎత్తిపొడిచాడు, సాధించింది, వెక్కిరించాడు, వేళాకోళమాడింది.

దెప్పడానికి పాత తప్పు ఒకటి ఉండాలి. “ఆ రోజు నా మాట వింటే ఇవాళ ఇల్లు ఉండేదిగా” అని దెప్పుతారు. అదే మాట పదేళ్లు రోజూ అంటే సాధింపు.

వేడుకోలు, ఏడుపు
బతిమాలాడు, ప్రాధేయపడింది, మొరపెట్టుకున్నాడు, వాపోయింది, మొత్తుకున్నాడు. పిల్లలైతే మారాం చేస్తారు, పేచీ పెడతారు. తెలంగాణ ఇంట్లో జరిగే కథైతే ‘లొల్లి పెట్టింది’ హాయిగా రాయండి.

ఊరడింపు
బుజ్జగించింది, అనునయించాడు, సముదాయించారు, ఓదార్చింది, నచ్చజెప్పాడు. బుజ్జగింపు అలిగినవాళ్లకి, ఓదార్పు పోగొట్టుకున్నవాళ్లకి. అటూ ఇటూ అయితే సన్నివేశమే దెబ్బతింటుంది.

అడగడం, తప్పించుకోవడం
ఆరా తీసింది, కూపీ లాగాడు, నిలదీసింది, రెట్టించాడు. అటువైపు బుకాయించాడు, దబాయించాడు, మాట దాటేసింది.

సంభాషణ నడక
అందుకున్నాడు, అడ్డు తగిలింది, వంత పాడాడు, మాట కలిపింది, దీర్ఘం తీసింది.

వాడుకలో ఒక చిక్కుంది. “నాకేం తెలుసు” గొణిగాడు అని మాట పక్కనే క్రియ పెట్టినా నడుస్తుంది. “ఊరుకో తల్లీ” ఓదార్చింది అంటే మాత్రం చెవికి తగులుతుంది, ‘అంటూ ఓదార్చింది’ అనాలి. పైకి చదివితే తేడా తెలిసిపోతుంది.

మాటలోనే కోపం కనిపిస్తుంటే మాత్రం ‘అన్నాడు’ చాలు. “నా గడప తొక్కకు” అన్నాడు. ఇక్కడ ‘గద్దించాడు’ పెడితే ఆ మాటకున్న బరువు సగం తగ్గుతుంది.