కెంపుల హారం బిల్లు పరిశీలన: లోహం విలువ, తరుగు, మజూరి, పన్ను

బావగారికి, అక్కయ్యకు నమస్కారములు.

అమ్మాయి పెళ్లికి ప్రొద్దుటూరులో కొన్న కెంపుల హారం బిల్లు నకలు, దానికి ముందు దుకాణంవారు రాసిచ్చిన ఎస్టిమేటు చీటీ చూశాను. పోయిన ఆదివారం మీరు కడపకు తెచ్చినప్పుడు హారాన్ని కూడా తూకం వేసి, భూతద్దంతో పరిశీలించాను. బంగారం ధర కాకుండా మీరు నిజంగా ఎంత అదనంగా ఇచ్చారన్నది మీ ప్రశ్న కాబట్టి ముందు దానికే జవాబు రాస్తున్నాను. మీరు చెల్లించినది 4,43,131 రూపాయలు. హారంలో ఉన్న బంగారం విలువ ఆ రోజు బోర్డు రేటు ప్రకారం 3,61,425 రూపాయలు. మిగిలిన 81,706 రూపాయలు బంగారం విలువపై 22.61 శాతం అవుతుంది. ఇందులో 3,049 రూపాయలు దుకాణంవారి లెక్కలో దొర్లిన పొరపాట్లవల్ల పడినది కనుక దానిని తిరిగి అడగవచ్చు. తక్కినది బేరంలో మీరు ఒప్పుకున్నదో, ప్రభుత్వానికి చేరేదో అవుతుంది.

తూకంతో మొదలుపెడతాను. బిల్లులో స్థూల బరువు 42.650 గ్రాములు, రాళ్ల బరువు 3.150 గ్రాములు, నికర బరువు 39.500 గ్రాములు అని ఉంది. మా వీధి ఆచారి కాటాలో హారం 42.640 తూగింది, పది మిల్లీగ్రాముల తేడా కాటాల మధ్య సహజమే. రాళ్లు ఊడదీసి తూచలేము కాబట్టి వాటిని లెక్కపెట్టాను. మొత్తం 63 కెంపులు, అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణం, ఒక్కొక్కటి మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పు. అంత రాయి పావు క్యారెట్‌కు దగ్గరగా తూగుతుంది. ఒక క్యారెట్ 0.2 గ్రాములు గనుక 63 రాళ్లకు 15.75 క్యారెట్లు, అంటే 3.150 గ్రాములు. కాబట్టి రాళ్ల బరువు తక్కువ చూపి, ఆ మేరకు బంగారం ధర కట్టించుకోలేదని నమ్మవచ్చు. నేను బ్యాంకులో నగలు మదింపు చేసిన ఇరవై ఆరేళ్లలో రాళ్ల నగల్లో ఎక్కువ తేడాలు చూసింది ఇక్కడే కనుక దీనికి కొంత సమయం పెట్టాను.

స్వచ్ఛత విషయంలో సందేహం అక్కరలేదు. కొక్కెం వెనుక బీఐఎస్ గుర్తు, 22K916 అన్న ముద్ర, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ మూడూ స్పష్టంగా ఉన్నాయి. ఆ సంఖ్యను BIS Care యాప్‌లోని Verify HUID లో కొట్టి చూస్తే వస్తువు రకం, స్వచ్ఛత రెండూ సరిపోయాయి. హాల్‌మార్కు రుసుము వస్తువుకు 45 రూపాయలు, దానిపై 18 శాతం పన్నుతో 53 రూపాయల 10 పైసలు. బిల్లులోనూ అంతే ఉంది.

రేటు దగ్గర మొదటి తేడా కనిపించింది. బిల్లులో 22 క్యారెట్ల బంగారం గ్రాముకు 9,200 రూపాయలని వేశారు. అమ్మాయి హారం మెడలో పెట్టుకుని తీయించుకున్న ఫొటోలో వెనుక గోడమీద రేట్ల బోర్డు చక్కగా పడింది: 24 క్యారెట్లకు 9,980, 22 క్యారెట్లకు 9,150. ఫొటో సమయం మధ్యాహ్నం 12.10, బిల్లు సమయం 12.47. 9,980ని 22తో గుణించి 24తో భాగిస్తే 9,148 వస్తుంది కాబట్టి బోర్డు లెక్క సరైనదే. బిల్లులో ఉన్నది దానికంటే గ్రాముకు 50 రూపాయలు ఎక్కువ. ఆ అరగంటలో రేటు మారిందని వారు చెప్పవచ్చు. అలా చెబితే మారిన రేటు ఎక్కడ, ఏ సమయానికి నమోదైందో చూపమని అడగాలి. ఈ 50 రూపాయలు నికర బరువుమీదనే కాదు, తరుగు గ్రాములమీద కూడా పడ్డాయి.

ఇక తరుగు. ఇది బిల్లులో అన్నిటికంటే బరువైన పద్దు, మీకు అన్నిటికంటే తక్కువ వివరంగా చెప్పిన పద్దు కూడా. 39.500 గ్రాములమీద 14 శాతం చొప్పున 5.530 గ్రాములు కలిపి, బిల్లు బరువు 45.030 గ్రాములు చేసి, దానిని రేటుతో గుణించి 4,14,276 రూపాయలు రాశారు. ఈ మొత్తం ఎదుట బిల్లులో ‘బంగారం విలువ’ అని ఉంది. అది నిజం కాదు. అందులో 3,63,400 రూపాయలు మాత్రమే వారి రేటు ప్రకారం హారంలో ఉన్న బంగారానికి. మిగిలిన 50,876 రూపాయలు మీ చేతికి రాని అయిదున్నర గ్రాములకు. పూర్వం మనమే బంగారం ఇచ్చి ఆచారి చేత నగ చేయించుకున్నప్పుడు ఆకురాయి పట్టినప్పుడు రాలే పొడి, అతుకు వేసినప్పుడు, మెరుగు పెట్టినప్పుడు పోయే బంగారం తరుగు కింద పోయేది. ఆ పొడిని కూడా ఊడ్చి, కరిగించి తిరిగి తీసుకోవడం వారికి తెలియనిది కాదు. ఈనాటి దుకాణంలో తరుగు శాతం నగలో నిజంగా పోయిన బంగారాన్ని కొలిచి వేసేది కాదు. పనితనం, రాళ్ల పొదుగుడు, దుకాణం లాభం అన్నీ కలిపి పెట్టుకున్న ధర అది. దానిని గ్రాముల్లో చెప్పడంవల్ల బంగారం రేటు పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. మీ హారం చేతిపని, రాయికి రాయికి గూడు కట్టి పొదిగినది. అందుకు 14 శాతం మరీ అన్యాయమని అనను. కానీ దానిపై మళ్లీ మజూరి వేయడం నాకు నచ్చలేదు.

మజూరి గ్రాముకు 450 రూపాయలు. ‘మజూరిలో సగం తగ్గింపు’ అన్నది ఈ దుకాణం ప్రకటన అనీ, మీరు అక్కడికి వెళ్లడానికి అదే కారణమనీ అక్కయ్య చెప్పింది. 19,192 రూపాయల 50 పైసల్లో సగం తగ్గించి 9,596 రూపాయల 25 పైసలు తీసుకున్నారు. మాట తప్పలేదు. అయితే తగ్గింపు చిన్న పద్దుమీద ఇచ్చి, దానికి అయిదు రెట్లకు పైగా ఉన్న తరుగును ముట్టుకోలేదు. ఆ తగ్గింపు మొత్తం బంగారం విలువలో 2.66 శాతం మాత్రమే. పైగా మజూరిని నికర బరువుమీద కాక స్థూల బరువుమీద, అంటే 42.650 గ్రాములమీద లెక్కకట్టారు. మీ ఎస్టిమేటు చీటీలో ‘మజూరి నెట్ గ్రాముకు’ అని వారి చేతిరాతతోనే ఉంది. రాళ్ల బరువుమీద పడిన మజూరి 1,417 రూపాయల 50 పైసలు, తగ్గింపు పోగా 708 రూపాయల 75 పైసలు.

రాళ్లకు 6,300 రూపాయలు వేశారు, క్యారెట్‌కు 400. ఆ ధరకు వచ్చేవి మేలిరకం సహజ కెంపులు కావు, కానీ వారు అలా చెప్పి అమ్మినట్టు చీటీలో ఎక్కడా లేదు. బంగారం క్యారెట్ స్వచ్ఛతను, రాయి క్యారెట్ బరువును చెబుతుందని అక్కయ్యకు ఒకసారి వివరించండి. ఆదివారం ఆ రెండింటినీ కలిపి మాట్లాడింది.

పన్ను లెక్క సరిగానే ఉంది. నగను అమ్మినప్పుడు బంగారం, తరుగు, మజూరి, రాళ్లు అన్నీ కలిసిన విలువపై 3 శాతం జీఎస్టీ పడుతుంది. కేంద్రానికి ఒకటిన్నర, రాష్ట్రానికి ఒకటిన్నర. మజూరిపై 5 శాతం వేయలేదేమిటని మీరు అడిగారు. మన బంగారం ఇచ్చి పని మాత్రమే చేయించుకుంటే ఆ కూలికి వర్తించే రేటు అది, ఇక్కడ వర్తించదు. బిల్లులోనే చూపిన తగ్గింపును తీసివేశాకే పన్ను వేశారు, అదీ సరైనదే. 4,30,172 రూపాయల 25 పైసలమీద 12,905 రూపాయల 16 పైసలు వచ్చింది.

ఇప్పుడు 81,706 రూపాయలు దేనికి ఎంత పోయాయో ఒకచోట రాస్తున్నాను.

బోర్డుకు, బిల్లుకు రేటు తేడా, నికర బరువుమీద: 1,975.00
తరుగు: 50,876.00
మజూరి, తగ్గింపు పోగా: 9,596.25
రాళ్లు: 6,300.00
జీఎస్టీ: 12,905.16
హాల్‌మార్కు: 53.10
పైసల సర్దుబాటు: 0.49

పన్నులో 10,842 రూపాయల 75 పైసలు బంగారం విలువమీద పడినది. అంతే బంగారం నాణెంగా కొన్నా 3 శాతం కట్టవలసిందే. దానిని పక్కన పెడితే నగ అయినందువల్ల మీరు ఇచ్చిన అదనం 70,863 రూపాయల 25 పైసలు. రాళ్లనూ, పన్నునూ, హాల్‌మార్కునూ వదిలేసి దుకాణం తీసుకున్నది మాత్రమే చూస్తే 62,447 రూపాయల 25 పైసలు, అంటే 17.28 శాతం.

అదే వీధిలో ముందు చూసిన దుకాణంలో ఇదే నమూనాకు ‘తరుగు 17 శాతం, మజూరి లేదు’ అని కార్డు వెనుక రాసిచ్చారని, 17 విని లేచి వచ్చేశామని మీరు అన్నారు. ఆ కార్డు లెక్క కూడా వేశాను. అదే బరువు, అవే రాళ్లు, బోర్డు రేటు 9,150 అనుకుంటే పన్ను, హాల్‌మార్కుతో సహా 4,42,095 రూపాయలు అయ్యేది. పద్నాలుగు కంటే పదిహేడు పెద్దదే అయినా ఆ దుకాణంలో 1,036 రూపాయలు తక్కువయ్యేవి. మీరు ఇక ముందు కొనబోయే వడ్డాణానికి శాతం అడగవద్దు. నికర బరువు, ఆ రోజు బోర్డు రేటు, పన్నుతో కలిపి చేతికిచ్చే మొత్తం, ఈ మూడే చీటీమీద రాయించుకోండి. మొత్తంలోంచి బంగారం విలువ తీసివేస్తే మిగిలినదే వారి అసలు ధర.

హారాన్ని ఆస్తిగా భావిస్తున్నామని మీరు అన్నారు గనుక ఒక్క అంకె చెబుతాను. తిరిగి అమ్మితే సాధారణంగా నికర బరువుకే ఆనాటి రేటు కడతారు. తరుగు, మజూరి, పన్ను రావు, రాళ్లకు వచ్చేది నామమాత్రం. తాకట్టు పెట్టినా మావంటి మదింపుదారు చూసేది ఆ 39.500 గ్రాములనే. మీరు పెట్టిన డబ్బు పైసా కోత లేకుండా తిరిగి రావాలంటే 22 క్యారెట్ల రేటు గ్రాముకు 11,218 రూపాయలు దాటాలి.

దుకాణంలో అడగవలసినవి రెండే. రేటు తేడా 45.030 గ్రాములమీద 2,251 రూపాయల 50 పైసలు, పన్నుతో 2,319 రూపాయల 5 పైసలు. మజూరి తేడా పన్నుతో 730 రూపాయల 1 పైస. రెండూ కలిపి 3,049 రూపాయల 6 పైసలు. ఈ మొత్తానికి క్రెడిట్ నోటు రాసి బ్యాంకు ఖాతాలో వేయమనండి. వడ్డాణంలో సర్దుతామంటే ఒప్పుకోవద్దు, అక్కడే కొనాలన్న నిర్బంధం మనకు వద్దు. తరుగు గురించి మాత్రం ఇప్పుడు వాదించకండి. చీటీలో 14 అని చూసి బావగారే సంతకం పెట్టారు.

బుధవారం ఉదయం పది గంటలకు నేను ప్రొద్దుటూరు బస్టాండులో ఉంటాను. అసలు బిల్లు, ఎస్టిమేటు చీటీ, ఆ ఫొటో ఉన్న అమ్మాయి ఫోను తీసుకురండి. హారం తేనవసరం లేదు.