గమనిక: సాయంత్రం చదువు వేళల్లో పెద్ద డౌన్‌లోడ్‌లు పెట్టవద్దని విజ్ఞప్తి

మహిళా వసతి గృహం, బ్రాడీపేట, గుంటూరు
హాస్టల్‌లో ఉంటున్న విద్యార్థినులందరికీ

ఈ నెల 15వ తేదీ సోమవారం నుంచి ప్రతిరోజూ సాయంత్రం 6:30 నుంచి రాత్రి 10:00 గంటల వరకు హాస్టల్ వైఫైపై సినిమాలు, గేములు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు, ఫోన్ బ్యాకప్‌ల వంటి పెద్ద డౌన్‌లోడ్‌లను, అప్‌లోడ్‌లను నిలిపి, వాటిని రాత్రి 11:00 తర్వాతకో తెల్లవారుజాముకో మార్చుకోవలసిందిగా కోరుతున్నాను.

గత కొన్ని వారాలుగా గేట్, గ్రూప్స్ పరీక్షలకు ఆన్‌లైన్ కోచింగ్ తీసుకుంటున్నవారు, ముఖ్యంగా రెండో అంతస్తువారు, రాత్రి 8:00 గంటల క్లాసు మధ్యలో వీడియో ఆగిపోతోందని, మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని నాకు చెబుతున్నారు. లోపం లైనుదేనేమోనని మొదట కంపెనీవారిని పిలిపించాము. తెల్లవారుజామున పరీక్షించినప్పుడు మనం డబ్బు కడుతున్న 100 ఎంబీపీఎస్ వేగం పూర్తిగానే వచ్చింది. అదే లైను రాత్రి 8:00 గంటలకు పరీక్షిస్తే క్లాసు వినడానికి కూడా చాలలేదు.

ఒక లైవ్ క్లాసుకు రెండు మూడు ఎంబీపీఎస్ చాలు కనుక, ముప్పై మంది ఒకేసారి క్లాసులు విన్నా ఈ లైను తట్టుకుంటుంది. కానీ డౌన్‌లోడ్ అలా కాదు. ఎంత వేగం దొరికితే అంతా లాక్కుంటుంది. 40 జీబీల గేము ఒకటి దించుకోవాలంటే, లైను మొత్తం ఆ ఒక్కరికే వదిలేసినా యాభై నిమిషాలకు పైగా పడుతుంది. ఇంకా పెద్ద ప్లాను తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. ఆ భారం చివరికి మీ నెలవారీ ఫీజు మీదే పడుతుంది, పైగా పెద్ద డౌన్‌లోడ్ ఆ అదనపు వేగాన్ని కూడా మింగేస్తుంది కనుక, ముందు వేళలు మార్చుకుని చూడడమే మంచిదని నా అభిప్రాయం.

టొరెంట్ల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. సినిమా దిగిపోయిన తర్వాత కూడా ఆ ప్రోగ్రామ్ మీ ల్యాప్‌టాప్ నుంచి బయటివారికి ఫైలు పంపుతూనే ఉంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే, డేటా అందిందని మన వైపు నుంచి వెళ్లవలసిన చిన్న చిన్న సమాధానాలు ఆలస్యమై, మిగతావారి డౌన్‌లోడ్ వేగం కూడా పడిపోతుంది. కాబట్టి ఫైలు దిగడం పూర్తయిందని వదిలేయకుండా, ఆ ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసివేయండి.

మీకు తెలియకుండా జరిగే డౌన్‌లోడ్‌లు కూడా ఉంటాయి. విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉన్నవారు Settings లోని Network & internet భాగంలో మన వైఫై వివరాలు తెరిచి Metered connection ఆన్ చేసుకుంటే, పెద్ద అప్‌డేట్‌లు చాలావరకు తమంతట తాము మొదలుకావు; రాత్రి ఆఫ్ చేసి దించుకోవచ్చు. అలాగని అప్‌డేట్‌లను నెలల తరబడి వాయిదా వేయవద్దు. ఫోన్లలో ఫొటోల బ్యాకప్‌ను సాయంత్రం ఆపి ఉంచండి. పెళ్లికో పండక్కో ఊరెళ్లి వచ్చిన మర్నాడు వందల వీడియోలు ఒక్కసారిగా పైకి ఎక్కడం మొదలవుతుంది.

రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవారు ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీదే ఉంచాలి. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను పరుపు మీదగానీ దుప్పటి కిందగానీ పెడితే గాలి ఆడక వేడెక్కుతుంది. ఈ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. సాధారణంగా మూత వేయగానే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్ ఆగిపోతుంది కనుక, మూత తెరిచి ఉంచి తెర వెలుగు మాత్రం తగ్గించండి. గదిలో నిద్రపోయేవారికి ఇబ్బంది ఉండదు.

మర్నాటి ల్యాబ్‌కు తప్పనిసరిగా కావలసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే సాయంత్రం 5:00 గంటలలోపు ఆఫీసు గదిలో చెప్పండి. 6:30 లోపే దించుకునే ఏర్పాటు చేస్తాము. ఒకే ఇన్‌స్టాలర్ క్లాసులో అందరికీ కావాలంటే, ఒకరు దించి పెన్‌డ్రైవ్‌లో మిగతావారికి ఇవ్వడం మేలు. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, నోట్సు పీడీఎఫ్‌లు, క్లాసు వీడియోలు ఈ నియమం కిందకు రావు; వాటిని ఏ వేళలోనైనా చూసుకోవచ్చు. కాలక్షేపానికి వీడియో చూసేవారు నాణ్యతను 480p కి తగ్గించుకుంటే చాలు, మానేయనవసరం లేదు.

ఎవరు ఏమి చూస్తున్నారో తెలుసుకోవాలన్న ఉద్దేశం నాకు లేదు. ఏ ఫోను, ఏ ల్యాప్‌టాప్ ఎంత డేటా తీసుకుంటోందన్న లెక్క మాత్రం రౌటర్‌లో కనిపిస్తుంది. చదువు వేళల్లో భారీగా వాడుతున్నవారికి మొదటిసారి నేనే స్వయంగా చెబుతాను. మళ్లీ జరిగితే ఆ పరికరానికి 6:30 నుంచి 10:00 వరకు వేగం తగ్గిస్తాము. జరిమానా ఏమీ ఉండదు, ఇంటికి ఫోన్ చేయడం కూడా ఉండదు.

ఆదివారాలకు, పండగ సెలవులకు ఈ నియమం వర్తించదు; సెమిస్టర్ పరీక్షల రోజుల్లో మాత్రం ఆదివారాలు కూడా పాటించాలి. సెట్టింగ్‌లు మార్చుకోవడం తెలియనివారు శనివారం సాయంత్రం 5:00 గంటలకు ఫోను, ల్యాప్‌టాప్ తీసుకుని భోజనశాలకు రండి. నెట్ పనులు చూసే అతను అక్కడ ఉండి చేసి చూపిస్తాడు.

వార్డెన్